ఆఖరి గ్లాసు నాటికి గింజ వయసెంత?

అరకు కొండల్లో చలికాలంలో కోసిన కాఫీ పండు తోలు ఒలిపించుకుని, కడిగించుకుని, ఎండి, పొట్టు వదిలి పచ్చి గింజగా గోనెసంచిలోకి చేరుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆ అరాబికా గింజ అక్కడి నుంచి మన వంటింటికి మూడు దారుల్లో రావచ్చు. మన ఊరి కాఫీ పొడి షాపువాళ్లు పచ్చిదే కొని, షాపు వెనకాల గిర్రున తిరిగే డ్రమ్ములో వేయించి అమ్మవచ్చు. ఓ పెద్ద కంపెనీ టన్నుల లెక్కన వేయించి, రేకు సంచుల్లో నింపి, సూపర్ మార్కెట్ అరలకు పంపవచ్చు. లేదంటే ఎక్కడో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న చిన్న రోస్టర్ మన పేరు మీద నెలనెలా వేయించి కొరియర్‌లో పంపవచ్చు. గింజ ఒకటే, తోట ఒకటే. కానీ మూడు గ్లాసుల్లో మూడు రుచులు. దీనికి ముఖ్య కారణం, వేయించిన రోజుకూ తాగిన రోజుకూ మధ్య గడిచిన కాలం.

ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగితే చాలామంది ధర చెబుతారు, బ్రాండు చెబుతారు, తోట పేరు చెబుతారు. నేను మాత్రం ఒక్క లెక్క అడుగుతాను. ఆ సంచిలోని చివరి గింజతో మీరు డికాషన్ తీసే రోజుకి, అది వేయించి ఎన్ని రోజులవుతుంది? కొన్నరోజు గింజ ఎంత తాజాగా ఉందన్నది సగం సంగతే. ఇంటికొచ్చాక దాన్ని ఎన్నాళ్లకు ఖాళీ చేస్తామన్నది మిగతా సగం. ఈ రెండూ కలిపి చూస్తే, ఎవరికి ఏ దారి నప్పుతుందో దానంతటదే తేలిపోతుంది.

పచ్చి గింజ చాలా ఓపికైనది. అందులో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. చల్లగా, పొడిగా ఉన్నచోట గోనెసంచిలో నెలల తరబడి పెద్దగా మారకుండా పడి ఉంటుంది. వేయించగానే దాని స్వభావం మారిపోతుంది. డ్రమ్ములో వేడి 200 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి గింజలు పేలాల్లా చిటపటమంటాయి. తేమ ఆవిరై రెండు మూడు శాతానికి పడిపోతుంది. గింజ ఉబ్బి, లోపలంతా సన్నని గదులు గదులుగా బోలుపడుతుంది. ఆ గదుల్లో బొగ్గుపులుసు వాయువు చిక్కుకుపోతుంది. మనం కాఫీ వాసన అని మురిసిపోయే సువాసన ద్రవ్యాలూ, నూనెలూ అక్కడే ఉంటాయి. వేయించిన గంట నుంచే ఆ వాయువు బయటికి రావడం మొదలవుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు జోరుగా, తర్వాత వారాల తరబడి నెమ్మదిగా వస్తుంది. అది వస్తున్నంత కాలం గాలిని లోపలికి రానివ్వకుండా కొంత అడ్డుకుంటుంది కూడా. అది తగ్గిపోయాక ప్రాణవాయువు లోపలికి చేరి నూనెలను పాడుచేస్తుంది. అప్పుడే కాఫీలో ఆ చప్పిడి, అట్టపెట్టె వాసన, మరీ పాతదైతే మక్కిన నూనె వాసన వస్తాయి.

గింజను పొడి చేశామా, ఈ కాలమంతా ఒక్కసారిగా కుదించుకుపోతుంది. లోపలి గదులన్నీ పగిలి తెరుచుకుంటాయి కాబట్టి గింజలో వారాలు పట్టే నష్టం పొడిలో రోజుల్లోనే జరుగుతుంది. వాయువులో పెద్ద భాగమైతే మరాడిన నిమిషాల్లోనే పోతుంది. పొడి పట్టించేటప్పుడు వీధి చివరిదాకా వచ్చే ఆ కమ్మటి వాసన, మన గ్లాసులోకి రావలసింది గాల్లోకి పోతున్నదే.

అలాగని వేయించిన రోజే తాగితే అద్భుతంగా ఉంటుందనుకోవద్దు. మరీ కొత్త గింజలో వాయువు ఎక్కువగా ఉండి, వేడినీళ్లు పొడిని సమంగా తడపనివ్వదు. ఫిల్టర్‌లో పొడి పొంగి పైకి లేస్తుంది, డికాషన్ ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా దిగుతుంది, రుచిలో ఏదో గరుకుదనం మిగులుతుంది. ముదురుగా వేయించిన గింజకు రెండు మూడు రోజులు, లేతగా వేయించినదానికి వారం దాకా విశ్రాంతి ఇస్తే కుదురుకుంటుంది. కవాటమున్న సంచిలో మూత విప్పకుండా ఉంచితే వేయించిన నాలుగో రోజు నుంచి నెల రోజుల దాకా గింజకు మంచి కాలం. సంచి విప్పాక రెండు వారాల్లో అయిపోతే మేలు. ఇవి నిక్కచ్చి గీతలు కావు, చేతి అంచనాలు. మన ఎండలకు ఇంకాస్త తగ్గించుకోవాలి. వేడి పెరిగేకొద్దీ గింజ చెడే వేగం కూడా పెరుగుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో పొయ్యి పక్క అరలో పెట్టిన డబ్బాకూ, డిసెంబరులో అదే డబ్బాకూ పోలికే లేదు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. విజయవాడలో భార్యాభర్తలు ఇద్దరు. పొద్దున చెరో గ్లాసు, సాయంత్రం చెరో గ్లాసు, పాలు పోసిన ఫిల్టర్ కాఫీ. చికోరీ లేని గింజలైతే గ్లాసుకి 8 గ్రాముల పొడి అనుకుందాం. రోజుకి 32 గ్రాములు. పావుకిలో సంచి ఎనిమిది రోజులు వస్తుంది. నెలకి కిలోకి కాస్త తక్కువ. మీ ఇంటి లెక్క వేరుగా ఉంటుంది, కానీ దాన్ని తేల్చుకోవడం కష్టం కాదు. కొత్త పావుకిలో సంచి విప్పినరోజు క్యాలెండర్ మీద సున్నా చుట్టండి, ఖాళీ అయినరోజు ఇంకో సున్నా. ఆ రెండు సున్నాల మధ్య అంకె తెలియకుండా ఏ దారీ ఎంచుకోలేం.

ముందు మన ఊరి షాపు సంగతి. తెలుగు ఊళ్లలో కాఫీ పొడి షాపు అంటే గల్లా పక్కన గాజు తలుపుల అరల్లో గింజలు, పక్కనే మర, తూకం. గింజల పేర్లు అట్టముక్కల మీద రాసి ఉంటాయి. ప్లాంటేషన్ ఏ అంటే కడిగి తీసిన పెద్దసైజు అరాబికా. పీబెర్రీ అంటే పండులో రెండు బద్దలకు బదులు ఒక్కటే గుండ్రంగా ఎదిగిన గింజ. రోబస్టా చెర్రీ అంటే పండుతో సహా ఎండబెట్టి తీసిన రకం, చిక్కదనానికీ చేదుకీ పనికొస్తుంది. ఈ పేర్లను చూసి మోజు పడేముందు అడగవలసిన ప్రశ్న ఇది: "వేయించడం ఇక్కడేనా? ఏ రోజు వేయిస్తారు?"

ఈ ప్రశ్న ఎందుకంటే, పొడి పట్టే షాపులన్నీ వేయించే షాపులు కావు. వేయించిన గింజల్ని వేరేచోట నుంచి బస్తాల్లో తెప్పించుకుని మరాడించి మాత్రమే ఇచ్చే షాపులు చాలా ఉన్నాయి. కమ్మటి వాసన అక్కడా వస్తుంది, అది మర వాసన. వేయించే షాపులో డ్రమ్ము మెషీన్ కనిపిస్తుంది, పొగగొట్టం ఉంటుంది, గింజల మీంచి ఊడిన సన్నని పొట్టు ఎక్కడో ఓ మూల గుట్టగా ఉంటుంది. మీరడిగితే "మంగళవారం, శనివారం వేయిస్తామండి" అని తడుముకోకుండా చెబుతారు. "ఎప్పుడూ ఫ్రెష్షేనండి" అన్న జవాబు వస్తే అది జవాబు కాదు. ఇంకోసారి మర్యాదగానే అడగండి: "ఇవాళ అరలో ఉన్న ఈ గింజలు ఎప్పటివండీ?"

రెండో ప్రశ్న, వాళ్ల దగ్గర బాగా కదిలే సరుకు ఏది అని. ఇదే అసలు కిటుకు. షాపులో ఎనిమిది రకాలుంటే నాలుగు రకాలు రోజూ పోతుంటాయి, మిగతావి ఎవరో ఒకరు అడిగినప్పుడు తీస్తారు. ఖరీదైన రకమే అలా అరలో నెల రోజులు కూర్చునే ప్రమాదం ఎక్కువ. గాజు అర తలుపు రోజుకి పాతికసార్లు తెరుచుకుంటుంది, వెలుతురూ గాలీ పడుతూనే ఉంటాయి. మొన్న వేయించిన మామూలు ప్లాంటేషన్ ఏ, నెలనాటి గొప్ప పీబెర్రీ కంటే గ్లాసులో మెరుగ్గా ఉంటుంది. ఇందులో నాకు అనుమానం లేదు.

గింజలు కొంటారా, పొడి పట్టించుకుంటారా అన్నది తర్వాతి సంగతి. ఇంట్లో చేత్తో తిప్పే చిన్న మర ఉంటే గింజలే తెచ్చుకోండి. అది లేకపోతే మిక్సీ ఉందిగా అనిపిస్తుంది. మిక్సీ బ్లేడు గింజను నలగ్గొట్టదు, నరుకుతుంది. కొంత పిండిలా, కొంత రవ్వలా వస్తుంది, జారు వేడెక్కుతుంది. పిండి ఫిల్టర్ చిల్లుల్ని మూసేసి చేదు ఇస్తుంది, రవ్వలోంచి రుచి దిగదు. ఆపి ఆపి, రెండు మూడు సెకన్ల చొప్పున తిప్పితే పాల కాఫీకి పర్వాలేదు, అంతే. అదీ కుదరనివాళ్లకు ఊరి షాపే మేలు. పావుకిలో కూడా కాకుండా, వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. షాపువాళ్లు నూటపాతిక గ్రాములకు మొహం చిట్లించరు, వాళ్లకు అది రోజూ ఉండే బేరమే. చికోరీ వద్దనుకునేవాళ్లు ఇంకో మాట చెప్పాలి. మీకు ముందు వచ్చినాయన చికోరీ కలిపిన పొడి పట్టించుకుని ఉంటే, మర గొంతులో ఆ పొడి మిగిలి ఉంటుంది. ముందు గుప్పెడు గింజలు వేసి తిప్పి ఆ పొడిని పక్కన పెట్టమనండి.

మన విజయవాడ దంపతులు శనివారం వేయించిన గింజల్ని ఆదివారం పావుకిలో తెచ్చుకున్నారనుకోండి. రెండు రోజులు ఆగి మంగళవారం మొదలుపెడితే మొదటి గ్లాసుకి గింజ వయసు మూడు రోజులు. చివరి గ్లాసుకి పది పదకొండు రోజులు. ఇంతకంటే మంచి అంకె మిగతా రెండు దారుల్లో దొరకడం కష్టం. కొరియర్ ఖర్చు లేదు, అట్టపెట్టె లేదు. వేపుడు రంగు మరీ ముదిరిందనిపిస్తే మర్నాడే వెళ్లి చెప్పవచ్చు కూడా. షాపువారికి నిలకడైన ఖాతాదారులన్నా, నోరు విప్పి చెప్పేవాళ్లన్నా గౌరవమే.

సూపర్ మార్కెట్ సంగతి వేరు. అక్కడి సంచి మీద వేయించిన తేదీ సాధారణంగా ఉండదు. చట్టం అడిగేది తయారీ లేదా ప్యాకింగ్ సమయాన్నీ, ఎప్పటిలోగా వాడాలన్న గడువునూ మాత్రమే. వేయించిన తేదీ వేయడం కంపెనీ ఇష్టం. ఆ గడువు ఆరు నెలలో, తొమ్మిది నెలలో, ఏడాదో ఉంటుంది. అంతవరకూ కాఫీ తాగితే ఆరోగ్యానికి ముప్పు లేదని దాని అర్థం. రుచి అంతవరకూ అలాగే ఉంటుందని కాదు. కాబట్టి గడువు తేదీని చూసి "ఇంకా ఎనిమిది నెలలుంది" అని సంతోషపడవద్దు. ప్యాకింగ్ తేదీ చూడండి. దాన్నే వేయించిన తేదీకి దగ్గరగా అనుకోవడం తప్ప మనకు వేరే ఆధారం లేదు.

మూసిన సంచిని తీసిపారేయడం కూడా న్యాయం కాదు. మంచి కంపెనీలు సంచిలో గాలి తీసేసి నత్రజని నింపుతాయి. సంచికి గుండీలాంటి ఒక చిన్న కవాటం ఉంటుంది. లోపలి వాయువు దాంట్లోంచి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఇలాంటి సంచిలో గింజ చెడిపోవడం బాగా నెమ్మదిస్తుంది. అయితే ఆగదు. సువాసన ద్రవ్యాలు కొన్ని వాటంతటవే రూపు మారిపోతుంటాయి. విప్పిన క్షణం నుంచి ఆ రక్షణ పోతుంది. అప్పటికే వాయువు చాలావరకు వెళ్లిపోయిన పాత గింజ, కొత్తదానికంటే త్వరగా చప్పబడుతుంది. ఇటుకలా గట్టిగా ఉండే వాక్యూమ్ పొడి ప్యాకెట్లది ఇంకో కథ. వేయించిన పొడిని వెంటనే అలా బిగిస్తే వాయువుతో ప్యాకెట్ ఉబ్బి పగులుతుంది. అందుకని ముందు కొంతకాలం వాయువు పోనిచ్చి, ఆ తర్వాత బిగిస్తారు. ఆ వాయువుతో పాటు పోయిన పరిమళం ప్యాకెట్‌లోకి రాదు కదా.

అరల ముందు నిలబడినప్పుడు వెనక వరసలోకి చెయ్యి పెట్టండి, కొత్త తేదీ సరుకు అక్కడ ఉంటుంది. నెలన్నర లోపు ప్యాకింగ్, కవాటమున్న మసక రేకు సంచి, పావుకిలో మించని సైజు, ఈ మూడూ కుదిరితే కొనవచ్చు. పారదర్శకంగా మెరిసే సంచుల జోలికి వెళ్లకండి. కొన్ని పెద్ద దుకాణాల్లో గింజల్ని అక్రిలిక్ గొట్టాల్లో పోసి, కింద మీట తిప్పితే జారేలా పెడతారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దీపాల వెలుగులో, గాలి ఆడేచోట, ఎప్పటివో తెలియని గింజలవి. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లలో చిన్న రోస్టర్ల సంచులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. అక్కడి చిక్కేమిటంటే తేదీ మనకు సరుకు చేతికొచ్చాకే కనిపిస్తుంది. నేను అలా తెప్పించిన ఒక సంచికి, చిన్న రోస్టర్ పేరే ఉన్నా, రోజుల లెక్కలో సూపర్ మార్కెట్ సంచికి తేడా లేకపోయింది. పేరు రోస్టర్‌ది, నిలవ గోదాముది.

నెలవారీ చందా దారిలో ఉన్న గొప్పదనం తేదీ. దేశంలో గత పదేళ్లకు పైగా పెరిగిన చిన్న రోస్టర్లు చాలావరకు సంచి మీద వేయించిన తేదీని వేస్తారు, తోట పేరూ, రకమూ, కడిగినదా పండుతో ఎండినదా అన్న వివరమూ చెబుతారు. సోమవారం వేయించి మంగళవారం పంపితే గురువారం నుంచి శనివారం లోపు చేతికొస్తుంది. అంటే విశ్రాంతి కాలం దారిలోనే గడిచిపోతుంది. ఇది ఈ పద్ధతిలో ఉన్న చక్కని పొందిక. కాఫీ పొడి షాపే లేని ఊళ్లో ఉన్నవాళ్లకీ, లేతగా వేయించిన గింజలు కావాలనుకునేవాళ్లకీ ఇంతకంటే మంచి దారి లేదు. మన ఊరి షాపులు పాల కాఫీ కోసం వేయిస్తాయి కాబట్టి రంగు ముదురుగానే ఉంటుంది. లేత వేపుడు అడిగితే ఏ షాపూ ఒక కిలో కోసం డ్రమ్ము తిప్పదు.

చందాలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, నెల అన్న మాట దగ్గరే. నెలకి ఒకసారి అన్నది కంపెనీ లెక్కకీ, మన ఖాతాలోంచి డబ్బు కోతకీ అనుకూలం. గింజకి అనుకూలం కాదు. మన దంపతులు నెలకి కిలో తెప్పించుకున్నారనుకోండి. ఐదో రోజున వచ్చిన గింజలు చివరి గ్లాసు నాటికి ముప్పై ఐదు రోజులవి అవుతాయి. అదే చందాని పదిహేను రోజులకి అరకిలోగా మార్చుకుంటే చివరి గ్లాసు ఇరవయ్యో రోజున పడుతుంది. ధర దాదాపు అదే, కొరియర్ ఒకసారి ఎక్కువ. అరకిలోని ఒకే సంచిగా కాకుండా రెండు పావుకిలోలుగా పంపమని అడగండి, ఒకటి విప్పినా ఇంకోటి కవాటంతో భద్రంగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఒంటరిగా ఉంటూ పొద్దున ఒక్క కప్పు పాలు లేని కాఫీ తాగే కుర్రాడికి లెక్క ఇంకోలా ఉంటుంది. కప్పుకి 15 గ్రాములనుకున్నా పావుకిలో పదహారు రోజులు వస్తుంది. అతనికి నెలకి ఒకే పావుకిలో చాలదు, అరకిలో ఒక్కసారే వస్తే చివరికి పాతబడుతుంది. అతనికి మూడు వారాలకోసారి పావుకిలో, మధ్యలో ఆ నాలుగైదు రోజులు ఊరి షాపు గింజలు. నిజానికి చాలామందికి ఇలాంటి కలగలుపే కుదురుతుంది.

చందా కట్టేముందు రెండు సంగతులు కనుక్కోవాలి. ఆర్డర్ వచ్చాక వేయిస్తారా, వేయించి పెట్టుకున్న నిలవలోంచి పంపుతారా? ఏ వారం వద్దంటే ఆ వారం ఆపుకునే వీలుందా? మొదటిదానికి జవాబు మొదటి రెండు సంచుల తేదీలే చెబుతాయి. వేయించిన తేదీకీ చేతికొచ్చిన తేదీకీ మధ్య పది రోజులకు మించితే, ఆ రోస్టర్ ఎంత పేరున్నదైనా మనకు ఊరి షాపే నయం. ఎండాకాలంలో సంచి కొరియర్ గోదాములో రేకుల కప్పు కింద రెండు రోజులు పడి ఉండవచ్చు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో దగ్గర ఊరి రోస్టర్‌ను ఎంచుకోవడం మంచిది.

తేదీ ఎవరైనా వేయవచ్చు, నిజమో కాదో గింజే చెబుతుంది. రెండు చెంచాల గింజల్ని చిన్న జిప్ కవర్లో వేసి, గాలంతా చేత్తో నొక్కి తీసేసి, మూసి, రాత్రంతా గూట్లో పెట్టండి. పొద్దుటికి కవర్ ఉబ్బి ఉంటే గింజలో ఇంకా వాయువు ఉంది, అంటే కొత్తదే. గింజలకు అతుక్కుపోయి చదునుగా ఉంటే పాతది. ఇంకో పరీక్ష ఫిల్టర్‌లోనే జరుగుతుంది. పొడి మీద కొంచెం వేడినీళ్లు పోసి మూత పెట్టకుండా అర నిమిషం చూడండి. కొత్త పొడి బుడగలతో పొంగి మెత్తని గుమ్మటంలా లేస్తుంది. పాతది నీళ్లు పీల్చుకుని బురదలా కూర్చుంటుంది. మీరు కొన్నది పొడి అయితే పొంగు తక్కువగానే ఉంటుంది, అందుకని ఈ పరీక్షని అప్పుడే మరాడిన పొడితోనే చేయాలి. గింజ మీద నూనె మెరుపును కూడా చూడవచ్చు, కానీ రంగుతో కలిపి చూడాలి. బాగా నల్లగా వేయించిన గింజ మూడు నాలుగు రోజులకే నూనె కక్కుతుంది, అది దాని స్వభావం. గోధుమ రంగులో ఉన్న గింజ మీద జిడ్డు కనిపిస్తే మాత్రం అది వారాల నాటిది.

ఇక్కడ చికోరీ సంగతి దాటవేయలేను. మన ఇళ్లలో తరతరాల అలవాటు అది, దానిమీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. ఆ చిక్కదనం, ఆ రంగు చాలామందికి కాఫీ అంటే అదే. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కలగలుపు పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలి. అంటే దాదాపు సగం చికోరీ ఉన్న పొడి కూడా చట్టబద్ధంగానే మన అరలో కూర్చుంటుంది. సగానికి సగం చికోరీ ఉన్న పొడిలో కాఫీ పాతదో కొత్తదో తెలియడం చాలా కష్టం. చికోరీ తన చేదుతో, తీపితో అంతా కప్పేస్తుంది. కాబట్టి 60-40 కలగలుపు ఇష్టమైనవాళ్లు ఖరీదైన చందా కట్టి ఆ గింజల్లో చికోరీ కలుపుకోవడం డబ్బు వృథా. వాళ్లకి ఊరి షాపులో మొన్న వేయించిన గింజలు కావలసినంత. చికోరీని విడిగా పొడిగా తెచ్చుకుని, డికాషన్ తీసేటప్పుడే గింజల పొడిలో కలుపుకుంటే ఇంకా మంచిది. చికోరీ తేమను త్వరగా పీలుస్తుంది, విశాఖలాంటి ఊళ్లో వానాకాలం ముందే కలిపిపెట్టిన పొడి గడ్డకట్టడం చూస్తూనే ఉంటాం.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు సెలవులకు వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెలో రెండు కిలోల కాఫీ పొడి సర్దుకుంటారు. ప్రేమగా మోసుకెళ్లే ఆ పొడిలో మొదటి రెండు వారాల తర్వాత పరిమళం మిగలదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో దగ్గర్లో వేయించే రోస్టర్ దగ్గర కాస్త ముదురు రంగు గింజలు వారం వారం కొనుక్కుని, ఇక్కడి నుంచి చికోరీ ప్యాకెట్, ఇత్తడి ఫిల్టర్ తీసుకెళ్లడం నయం. మన కాఫీ రుచిలో పెద్ద వాటా ఆ ఫిల్టర్‌దీ, చిక్కటి పాలదీ, తాజాదనానిదీ.

మరి ఇంట్లో ఎక్కువ గింజలు మిగిలిపోతే? సంక్రాంతికి ఊరెళ్తాం, చందా సంచి ఆ వారమే వస్తుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ కింద అరలో పెట్టవద్దు. అక్కడ తేమ ఉంటుంది, పచ్చిమిర్చీ కొత్తిమీర వాసనలు ఉంటాయి, పైగా రోజూ తీసిపెడుతుంటాం. ఫ్రీజర్ మాత్రం నిజంగా పనిచేస్తుంది, పద్ధతిగా చేస్తే. విప్పని సంచిని కవాటం మీద టేపు అంటించి, ఇంకో మందపాటి జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. విప్పిన సంచి అయితే వారానికి సరిపడా చొప్పున చిన్న కవర్లలో పంచి, గాలి నొక్కి తీసి, ఒక్కొక్కదాని మీద వేయించిన తేదీ రాయండి. రెండు మూడు నెలలు బాగుంటాయి. బయటికి తీశాక వెంటనే విప్పకండి. చల్లటి గింజల మీద మన గాల్లోని తేమ చెమటలా పడుతుంది, ఆ తడి ఒక్కటి చాలు వాటిని చెడగొట్టడానికి. రాత్రి తీసి బల్ల మీద పెడితే పొద్దుటికి గది వేడికి వస్తాయి. అప్పుడు విప్పి డబ్బాలో పోసుకుని, ఆ వారంలోనే ఖాళీ చేయండి. మళ్లీ ఫ్రీజర్‌లోకి వద్దు.